కాన్పుకి ఏ ఆసుపత్రి? ఉమ్మనీటి ఎంబాలిజం వచ్చిన మొదటి గంటను బట్టి ఒక పోలిక

మత్తు డాక్టర్‌గా నేను హైదరాబాద్‌లో పనిచేసే చోట్లు రకరకాలు. కింద మెడికల్ షాపు, పైన పదిహేను పడకలు ఉన్న నర్సింగ్ హోమ్ ఒకటైతే, కాన్పులకీ పసిపిల్లలకీ మాత్రమే కట్టిన ఆసుపత్రి ఇంకోటి, అన్ని విభాగాలూ ఒకే ఆవరణలో ఉన్న పెద్దాసుపత్రి మరోటి. ఏడో నెల దాటగానే చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి ఎక్కడ చేయించుకుంటే మంచిదని అడుగుతారు. అప్పటికే ప్యాకేజీ ఎంత, రూము ఎలా ఉంది, డాక్టరమ్మ ఓపిగ్గా మాట్లాడుతుందా, ఇంటికి ఎంత దూరం అన్నవి పోల్చుకుని ఉంటారు. అవన్నీ చూడాల్సినవే. నేను వాటికి ఇంకో ప్రశ్న కలుపుతాను. అర్ధరాత్రి నొప్పుల మధ్యలో తల్లి ఉన్నట్టుండి కుప్పకూలిపోతే, మొదటి గంటలో అక్కడ ఎవరు ఏం చేయగలరు?

అలా కుప్పకూలడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో అందరికన్నా ఎక్కువ భయపెట్టేది ఉమ్మనీటి ఎంబాలిజం. ఉమ్మనీరు గడ్డలా వెళ్ళి ఊపిరితిత్తుల్లో రక్తనాళానికి అడ్డం పడుతుందని చాలామంది అనుకుంటారు. డాక్టర్లూ ఒకప్పుడు అలాగే అనుకున్నారు. 1941లో స్టైనర్, లష్‌బాగ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు, కాన్పులో హఠాత్తుగా చనిపోయిన తల్లుల ఊపిరితిత్తుల నాళాల్లో బిడ్డ చర్మకణాలు, ఉమ్మనీటిలోని పదార్థాలు చూసి ఈ జబ్బును వివరించారు. అయితే అలాంటి కణాలు ఏ ఇబ్బందీ లేని గర్భిణుల రక్తంలోనూ కనిపిస్తాయని తర్వాత తెలిసింది. ఇప్పటి అవగాహన ప్రకారం, తల్లి రక్తంలోకి చేరిన ఈ పదార్థాలకి కొందరి ఒళ్ళు విపరీతంగా ప్రతిస్పందిస్తుంది. ముందు ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుపోతాయి. వాటిలోకి రక్తం నెట్టలేక గుండె కుడి గది ఉబ్బి చేతులెత్తేస్తుంది. కాసేపటికి ఎడమ గదీ నీరసిస్తుంది. ఇంతలో రక్తం గడ్డకట్టే గుణాన్ని కోల్పోతుంది.

ఇది చాలా అరుదు. ఉత్తర అమెరికా లెక్కల్లో సుమారు 15,000 కాన్పులకి ఒకటి. వచ్చినవాళ్ళలో ఎంతమంది చనిపోతారన్నదానికి పాత లెక్కలకీ కొత్త లెక్కలకీ చాలా తేడా ఉంది. 1995లో అచ్చయిన అమెరికా రిజిస్ట్రీలో 46 కేసులు ఉంటే 61 శాతం మంది చనిపోయారు. ఆ తర్వాత బ్రిటన్ సేకరించిన లెక్కల్లో అది 20 శాతం దగ్గర ఉంది. కేసులు ఎంచిన పద్ధతి వేరు కాబట్టి ఈ రెండంకెలనీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. ఐసీయూ వైద్యం మెరుగుపడటం మాత్రం కొంత కారణమే.

ముందే కనిపెట్టే పరీక్ష లేదు, రాకుండా ఆపే మందు లేదు. వయసు 35 దాటడం, మాయ కిందికి ఉండటం, మాయ ముందే ఊడటం, ఉమ్మనీరు ఎక్కువ ఉండటం, కవలలు, నొప్పులు తెప్పించడం, సిజేరియన్ లాంటివాటితో ముప్పు కొంచెం పెరుగుతుంది. కానీ ఈ లక్షణాలున్న వేల మందిలో ఒక్కరికి కూడా రాకపోవచ్చు, ఏ లక్షణమూ లేని ఇరవై రెండేళ్ళ అమ్మాయికి రావచ్చు. అందుకని "మా దగ్గర అలాంటివి రావండీ" అనే ఆసుపత్రి మాటని నేను లెక్కలోకి తీసుకోను. వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదొక్కటే పోల్చదగ్గది.

ఇంత అరుదైనదాన్ని కొలబద్దగా ఎందుకు పెట్టుకోవాలని అడగొచ్చు. ఈ గంటలో కావాల్సిన మనుషులూ మందులూ రక్తమే, దీనికన్నా ఎన్నో రెట్లు మామూలుగా వచ్చే కాన్పు తర్వాతి రక్తస్రావానికీ, గుర్రపు వాతానికీ, వెన్నులో ఇచ్చిన మత్తు పైకెక్కినప్పుడూ కావాలి. దీనికి సిద్ధంగా ఉన్నచోటు వాటికి ఎలాగూ సిద్ధంగానే ఉంటుంది.

పోల్చే మూడు చోట్లు

మొదటిది కాలనీ నర్సింగ్ హోమ్. డాక్టరమ్మ ఇల్లు పైనో పక్కవీధిలోనో ఉంటుంది. రాత్రిపూట ఒక డ్యూటీ డాక్టర్, ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా ఉంటారు. మత్తు డాక్టర్ పిలిస్తే వస్తారు. రక్తం బయటి బ్లడ్ బ్యాంక్ నుంచి రావాలి.

రెండోది కాన్పులకీ పిల్లలకీ మాత్రమే పెట్టిన ఆసుపత్రి. గైనకాలజిస్టు, పిల్లల డాక్టర్, చాలాచోట్ల మత్తు డాక్టర్ కూడా 24 గంటలూ లోపలే ఉంటారు. ఓటీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పసిబిడ్డలకి ఐసీయూ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ పెద్దవాళ్ళ ఐసీయూ, గుండె డాక్టర్, సొంత బ్లడ్ బ్యాంక్ ఉన్నాయో లేవో అడిగి తెలుసుకోవాలి.

మూడోది అన్ని విభాగాలూ ఉన్న పెద్దాసుపత్రి. పేరున్న ప్రైవేటు మల్టీస్పెషాలిటీ అయినా, ప్రభుత్వ బోధనాసుపత్రి గాంధీ అయినా ఈ లెక్కలోకి వస్తాయి. పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు పెద్దవే, అక్కడ రోజూ చూసే కష్టమైన కాన్పులూ ఎక్కువే. కాకపోతే అవి ప్రధానంగా కాన్పుల కోసమే ఉన్నవి కాబట్టి, పనితనంలో మూడో రకానికీ ఏర్పాట్లలో రెండో రకానికీ దగ్గర అనుకోవాలి.

రాత్రి 2.10

ఒక కేసు కల్పించుకుని చూద్దాం. తల్లికి 31 ఏళ్ళు, 60 కిలోలు, రెండో కాన్పు, 39 వారాలు. ఉమ్మనీరు పోయింది, ద్వారం 7 సెంటీమీటర్లు తెరుచుకుంది. అప్పటిదాకా నొప్పికి మూలుగుతున్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చోబోయి, "సిస్టర్, ఏదోలా ఉంది, ఊపిరి ఆడట్లేదు" అంటుంది. పెదాలు నీలం తిరుగుతాయి. 98 ఉన్న సాచురేషన్ 80కి జారుతుంది. బీపీ 70కి 40. బిడ్డ గుండె 140 నుంచి 70కి పడిపోతుంది. 2.12కి ఫిట్స్ లాంటి కుదుపు వచ్చి మెడ దగ్గర నాడి అందదు.

ఇక్కడ చాలామంది మొదట చేసే పని, ఇదేమిటో తేల్చుకోవాలని ఆగడం. గుర్రపు వాతమా, గుండెపోటా, ఊపిరితిత్తుల్లో గడ్డా, గర్భసంచి చిట్లిందా, మందు పడలేదా? ఈ ప్రశ్నలన్నీ వేసుకోవాల్సిందే. వెన్నుమత్తు ఇచ్చి పది నిమిషాలే అయి, చేతులు బరువెక్కి, నాడి నెమ్మదిస్తే అది మత్తు పైకెక్కినట్టు. ఒళ్ళంతా దద్దుర్లు, పిల్లికూతలు ఉంటే అలర్జీ. పొట్ట రాయిలా గట్టిపడితే మాయ ఊడి లోపల రక్తం నిండుతోందేమో చూడాలి. మెగ్నీషియం ఎక్కుతుంటే ఆపేసి కాల్షియం ఇవ్వాలి. కానీ ఇవి ఛాతీ నొక్కుతూ అడుగుకోవాల్సిన ప్రశ్నలు. ఉమ్మనీటి ఎంబాలిజాన్ని ఆ నిమిషంలో ఖాయం చేసే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు. కాబట్టి ఈ అంకంలో చిన్నదానికీ పెద్దదానికీ పరికరాల్లో తేడా లేదు. సిస్టర్ ఎంత త్వరగా కేక వేసిందన్నదే తేడా.

ఛాతీ నొక్కడం మామూలు పెద్దవాళ్ళకి చేసినట్టే. రొమ్ము ఎముక కింది సగం మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా నొక్కాలి. ఒక్క తేడా ఏమిటంటే, నెలలు నిండిన గర్భసంచి వెల్లకిలా పడుకున్న తల్లి పెద్ద రక్తనాళాల మీద పడి గుండెకి తిరిగొచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది. అందుకని ఒక మనిషి అచ్చంగా పొట్టను రెండు చేతులతో ఎడమవైపుకి లాగి పట్టుకుని నిలబడాలి. తల్లిని పక్కకి ఒరిగిస్తే నొక్కుడు సరిగ్గా పడదు. మనిషి వెల్లకిలానే ఉండాలి, పొట్ట మాత్రమే జరగాలి. సెలైన్ సూది చేతికే ఉండాలి, కాలికి కాదు. అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్, షాక్ ఇవ్వాల్సిన లయ అయితే షాక్, అన్నీ మామూలు మోతాదులే. గర్భిణి అని తగ్గించకూడదు.

ఇప్పుడు మనుషుల్ని లెక్కపెట్టండి. నొక్కేవారు ఒకరు, అలిసిపోతే మారేవారు ఒకరు, పొట్ట పట్టేవారు, గాలి ఇచ్చేవారు, మందులు ఎక్కించేవారు, కోసేవారు, బిడ్డను అందుకునేవారు. నర్సింగ్ హోమ్‌లో రాత్రి రెండింటికి ఉన్నది నలుగురు. నా దృష్టిలో మొదటి రకం చోటుకి ఉన్న అసలు లోటు యంత్రాల్లో కాదు, ఇక్కడ ఉంది.

2.16: ఓటీకి తీసుకెళ్ళాలా, మంచం మీదే కోయాలా?

గుండె ఆగి, సీపీఆర్ మొదలుపెట్టినా నాడి రాకపోతే, 4 నిమిషాలకి కోత మొదలై 5 నిమిషాలకి బిడ్డ బయటికి రావాలి. 1986 నుంచి ఉన్న సూత్రం ఇది. ఇప్పటి పద్ధతిలో నాలుగో నిమిషం దాకా చేతులు కట్టుకుని కూర్చోరు. గుండె ఆగిందని తెలిసిన క్షణం నుంచే బ్లేడు సిద్ధం చేస్తారు. బిడ్డ కోసం తల్లిని కోస్తున్నారని బయట నిలబడ్డ ఇంటివాళ్ళు అనుకుంటారు. నిజానికి ఆ కోత తల్లి కోసం కూడా. గర్భసంచి ఖాళీ కాగానే నాళాల మీద ఒత్తిడి పోతుంది, గుండెకి రక్తం తిరిగొస్తుంది, సీపీఆర్ పనిచేయడం మొదలవుతుంది. ద్వారం పూర్తిగా తెరుచుకుని తల కిందికి దిగి ఉంటే వాక్యూమో ఫోర్‌సెప్సో వేసి తీయొచ్చు. మన కేసులో 7 సెంటీమీటర్లే కాబట్టి కోత తప్పదు.

ఎక్కడ కోయాలన్న దగ్గర పెద్ద ఆసుపత్రులు కూడా తడబడతాయి. ఓటీ నాలుగో అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ రావాలి, స్ట్రెచర్ ఎక్కించాలి, దారిలో నొక్కడం సరిగ్గా సాగదు. ఆ వెళ్ళడానికే ఐదు నిమిషాలు అయిపోతాయి. లేబర్ రూమ్ మంచం మీద, ఒక బ్లేడు, రెండు క్లాంపులు, గుడ్డలతో, మందుతో తుడవడానికి కూడా ఆగకుండా కోయడమే సరైన పద్ధతి. రక్తప్రసరణ లేని మనిషికి ఆ కోతకి పెద్దగా రక్తం కూడా రాదు. తర్వాత గుండె కొట్టుకున్నాక ఓటీకి వెళ్ళి కుట్టొచ్చు.

అంటే ఈ అంకంలో గెలిచేది భవనం కాదు. లేబర్ రూమ్ గోడకి ఆ చిన్న కట్ట వేలాడదీసి, ఏడాదికి రెండుసార్లయినా సాధన చేసే చోటు గెలుస్తుంది. రెండో రకం ఆసుపత్రులు కొన్ని ఇందులో మూడో రకాన్ని మించిపోతాయి, ఎందుకంటే గైనకాలజిస్టు, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ అదే అంతస్తులో ఉంటారు. బోధనాసుపత్రుల్లో పీజీ డాక్టర్లు రాత్రంతా మెలకువగా లేబర్ రూమ్‌లోనే ఉండటం ఇంతకింత విలువైనది. పక్కన మంచం మీద ఇంకొకరు ఉండొచ్చు, తెర చిరిగి ఉండొచ్చు. కోసే చెయ్యి మాత్రం మూడడుగుల దూరంలో ఉంటుంది.

2.20: సెలైన్ పోయాలా, నార్‌అడ్రినలిన్ పెట్టాలా?

మన కేసులో 2.17కి బిడ్డ బయటికి వచ్చింది, ఒక నిమిషంలో తల్లికి నాడి అందింది. గొంతులో గొట్టం వేశారు, ఆక్సిజన్ అందుతోంది. బీపీ 68కి 35. బీపీ తక్కువ కదా అని రెండు సీసాలు గబగబా పోయడం మన చేతికి అలవాటు. రక్తస్రావంలో అది పనికొస్తుంది. ఇక్కడ మాత్రం కుడి గది అప్పటికే ఉబ్బిపోయి ఉంది, ముందుకి నెట్టలేక నిలబడిపోయింది. దాంట్లో ఇంకా నీళ్ళు పోస్తే అది పక్కకి ఉబ్బి ఎడమ గదిని నొక్కేస్తుంది, బీపీ ఇంకా పడుతుంది. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

కాబట్టి రక్తం పోనంతవరకు సెలైన్ కొద్దికొద్దిగానే ఇచ్చి, బీపీని నార్‌అడ్రినలిన్‌తో నిలబెట్టాలి. 50 మిల్లీలీటర్ల సిరంజిలో 4 మిల్లీగ్రాములు కలిపితే, 60 కిలోల మనిషికి కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ చొప్పున గంటకి 4.5 మిల్లీలీటర్లు వెళ్తుంది. అక్కడ మొదలుపెట్టి సగటు బీపీ 65 నిలిచేదాకా పెంచుతారు. మెడ నరంలో లైన్ పడేదాకా చేతికున్న మంచి నరంలో ఇచ్చినా ఫరవాలేదు, సూది దగ్గర వాపు వస్తోందేమో కనిపెట్టుకుని ఉండాలి. గుండెకి బలం కావాలంటే డోబుటమిన్ కలుపుతారు. సాచురేషన్ 94 నుంచి 98 మధ్య చాలు, గుండె తిరిగి కొట్టుకున్నాక ఆక్సిజన్ అవసరానికి మించి గుప్పించడం వల్ల మెదడుకి మేలు లేదు.

గుండెను స్కాన్‌లో చూపే ఎకో ప్రోబ్ ఛాతీ మీద పెట్టగలిగిన మనిషి ఉంటే ఈ నిర్ణయం ఒక్క నిమిషంలో తేలుతుంది. పెద్దగా ఉబ్బిన కుడి గది, నలిగిపోయిన ఎడమ గది కనిపిస్తే ఇక సెలైన్ సీసా పక్కన పెట్టేయడమే. ఇక్కడి నుంచి మూడో రకం చోటు ముందుకి వెళ్తుంది. సిరంజి పంపు, నార్‌అడ్రినలిన్ నర్సింగ్ హోమ్‌లో కూడా ఉండాల్సినవే, చాలాచోట్ల ఉంటాయి కూడా. కానీ వాటిని రాత్రి రెండున్నరకి కలిపి నడిపే అలవాటున్న చెయ్యి ఉంటుందా అన్నది వేరే మాట.

2.35: సూది గుచ్చిన చోట ఆగని రక్తం

గుండె నిలబడింది కదా అనుకునేలోపు రెండో దెబ్బ పడుతుంది. గర్భసంచి మెత్తబడి రక్తం పోతుంటుంది. అది ఏ కాన్పులోనైనా జరగొచ్చు. ఇక్కడ ప్రత్యేకంగా కనిపించేది, సెలైన్ సూది పక్క నుంచి, చిగుళ్ళ నుంచి, కోసిన చర్మం అంచుల నుంచి నీళ్ళలాంటి రక్తం ఊరడం. కిందికి పోయిన రక్తం బేసిన్‌లో గడ్డకట్టకుండా అలాగే ఉంటుంది. పెద్దగా రక్తం పోకముందే ఇలా ఉంటే ఉమ్మనీటి ఎంబాలిజం అన్న అనుమానం బాగా బలపడుతుంది. ఊపిరితిత్తుల్లో గడ్డకి, గుండెపోటుకి మామూలుగా ఈ లక్షణం ఉండదు.

ల్యాబ్ రిపోర్టు రావడానికి ముప్పావు గంట పడుతుంది. అంతదాకా ఆగక్కర్లేదు. ఏ మందూ లేని శుభ్రమైన చిన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, గుప్పిట్లో మూసి వెచ్చగా పట్టుకోవాలి. 4 నిమిషాలకి నెమ్మదిగా వంచి చూడాలి, తర్వాత ప్రతి నిమిషానికీ ఓసారి. 7 నిమిషాలైనా గడ్డ కట్టకపోతే, లేదా కట్టిన గడ్డ కదపగానే విరిగిపోతే గడ్డకట్టే గుణం పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పుల పుస్తకంలో ఉన్న పరీక్షే ఇది. గాజు గొట్టం ఒక్కటే కావాలి, ప్లాస్టిక్ది పనికిరాదు. పెద్ద ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ గొట్టాలే మిగిలి ఈ పరీక్ష మర్చిపోయారు. పాత నర్సింగ్ హోముల్లో సిస్టర్లకి ఇది ఇంకా చేతిలో ఉంది. చెప్పుకోదగ్గ విషయమే.

ఆ తర్వాత కావాల్సింది రక్తం, అది కూడా మూడు రకాలుగా. ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమానంగా ఇస్తూ పోవాలి. వీటికన్నా ముందు పడిపోయేది రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్. నిండు గర్భిణికి మామూలుగా డెసిలీటర్‌కి 400 నుంచి 600 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అది 200 కన్నా కింద ఉంటే ఎన్ని ప్యాకెట్లు ఎక్కించినా రక్తం ఆగదు. దాన్ని నింపేది ప్లాస్మా నుంచి తీసే క్రయో. పది యూనిట్లు ఒకేసారి అడగాలి. ట్రానెగ్జామిక్ ఆమ్లం 1 గ్రాము పది నిమిషాల్లో ఎక్కించాలి, అరగంటకి ఇంకా రక్తం పోతుంటే మరో గ్రాము. ఎక్కించిన రక్తం కాల్షియాన్ని లాగేస్తుంది కాబట్టి అదీ ఇవ్వాలి. గర్భసంచి బిగించడానికి ఆక్సిటోసిన్, చాలకపోతే బెలూన్, కుట్లు, చివరికి గర్భసంచి తీసేయడం. గర్భసంచి బిగించే ఇంకో మందు కార్బోప్రోస్ట్ ఊపిరితిత్తుల నాళాల్ని ఇంకా బిగించగలదు కాబట్టి ఇక్కడ ఆచితూచి వాడాలి.

ఇప్పుడు సమయం లెక్క చూడండి. ప్లాస్మా ఫ్రీజర్‌లో మంచుగడ్డలా ఉంటుంది, కరిగించడానికే 20 నుంచి 30 నిమిషాలు. పూర్తిగా సరిపోల్చి రక్తం ఇవ్వాలంటే మరో ముప్పావు గంట. సొంత బ్లడ్ బ్యాంక్ ఉన్నచోట 2.36కి ఫోన్ వెళ్తే, సరిపోల్చకుండానే ఓ నెగటివ్ ఎర్రకణాలు పది నిమిషాల్లో వస్తాయి, 3.05కి ప్లాస్మా వేలాడుతుంది. బయటి బ్లడ్ బ్యాంక్ అయితే ఆ ఇంటి కుర్రాడెవరో శాంపిల్ గొట్టం జేబులో పెట్టుకుని, చీటీ చేత్తో పట్టుకుని బైక్ మీద వెళ్తాడు. అక్కడ "దాత ఉన్నారా?" అంటారు, చీటీ మీద సంతకం లేదంటారు. రాత్రి రోడ్లు ఖాళీగా ఉన్నా తిరిగొచ్చేసరికి గంటన్నర. క్రయో కావాలని చీటీలో రాయకపోతే మళ్ళీ వెళ్ళాలి. పగలు ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరుక్కుంటే ఎంతవుతుందో చెప్పక్కర్లేదు.

ఆసుపత్రుల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. అంతస్తుల ఎత్తు, రిసెప్షన్‌లో సోఫాలు వదిలేసి బ్లడ్ బ్యాంక్ ఎక్కడుందో చూడమని అందరికీ చెప్పేది ఇందుకే.

ఎప్పుడు తరలించాలి?

మొదటి, రెండో రకం చోట్ల ఇలా జరిగితే తల్లిని పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తుంది. నాడి లేకుండా, బిడ్డ కడుపులో ఉండగా అంబులెన్స్ ఎక్కించడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. కదిలే బండిలో సీపీఆర్ సరిగ్గా సాగదు. బిడ్డను తీసి, గుండె నిలబెట్టి, గొట్టం వేసి, నార్‌అడ్రినలిన్ పంపు నడుస్తుండగా, మత్తు డాక్టర్ పక్కనే కూర్చుని వెళ్ళడం సరైనది. బయల్దేరే ముందే అవతలి ఐసీయూకి, బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ వెళ్ళాలి, శాంపిల్ ముందే పంపగలిగితే ఇంకా మేలు. రక్తం పోతూనే ఉంటే గర్భసంచిలో బెలూన్ పెట్టి బయల్దేరాలి. గుండె, ఊపిరితిత్తులు రెండూ మందులకి లొంగకపోతే ఆ రెండింటి పనీ బయటి నుంచి చేసే ఎక్మో అనే యంత్రం ఒక దారి, అది నగరంలో కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంది. రక్తం గడ్డకట్టని మనిషికి దాన్ని పెట్టడం కత్తిమీద సామే.

మధ్యలో మందుల గురించి ఒక మాట. అట్రోపిన్, ఆండాన్‌సెట్రాన్, కెటోరోలాక్ కలిపి ఇస్తే లేచి కూర్చున్నారని కేసు రిపోర్టులు చూపిస్తూ డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో పోస్టులు తిరుగుతుంటాయి. అవి విడివిడి కేసుల కథనాలే. పోల్చి చూసిన పరీక్షలు లేవు. రక్తం గడ్డకట్టని తల్లికి కెటోరోలాక్ ఇవ్వడం గురించి నాకు అనుమానమే. ఇస్తే ఇవ్వండి, దాని కోసం సీపీఆర్, కోత, రక్తం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఫ్యాక్టర్ సెవెన్ ఇంజెక్షన్ మాత్రం గడ్డలు కట్టించి ప్రాణం మీదికి తేగలదు కాబట్టి అన్నీ అయిపోయాకే దాని ఊసు.

అడగాల్సినవి, వినాల్సిన జవాబులు

ఎనిమిదో నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని నేరుగా అడగొచ్చు. "మేడమ్, రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ ఎక్కడ ఉంటారండీ?" అంటే "పిలిస్తే పావుగంటలో వచ్చేస్తారు" అన్న జవాబు నిజాయితీగా ఉంది గానీ, పైన చెప్పిన లెక్కలో పావుగంట అంటే 2.27. "రెండో అంతస్తులో పడుకుంటారు" అన్నది వేరే జవాబు.

రక్తం గురించి "మాకు టై-అప్ ఉంది" అంటారు. అక్కడితో ఆగొద్దు. "ఓ నెగటివ్ లోపల ఎన్ని యూనిట్లు పెడతారు, క్రయో ఎంతసేపట్లో వస్తుంది?" అని అడగండి. లైసెన్స్ ఉన్న చిన్న నిల్వ కేంద్రం ఉన్నా చాలు, మొదటి అరగంట గడుస్తుంది. పెద్దవాళ్ళ ఐసీయూ ఇదే భవనంలో ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, బండిలో ఎవరు వస్తారు అన్నది మూడో ప్రశ్న. ఈ ప్రశ్నలకి చిరాకుపడే డాక్టర్లు ఉన్నారు. "మీకెందుకమ్మా అవన్నీ, మేమున్నాం కదా" అన్నవాళ్ళకన్నా, "రక్తానికి ఇబ్బందేనండీ, మీకు మాయ కిందికి ఉంది కాబట్టి పెద్దాసుపత్రికి వెళ్ళండి" అన్న చిన్న నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ మీద నాకు గౌరవం ఎక్కువ.

ఎవరికి ఏది

మాయ కిందికి ఉన్నవాళ్ళు, పాత సిజేరియన్ గాటు మీద మాయ అతుక్కుందని స్కాన్‌లో వచ్చినవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, కవలలతో బీపీ ఎక్కువున్నవాళ్ళు మూడో రకానికే వెళ్ళాలి. ఇందులో బేరం లేదు. వీళ్ళకి ఉమ్మనీటి ఎంబాలిజం రాకపోయినా రక్తం అవసరమయ్యే అవకాశం చాలా ఎక్కువ. డబ్బు ఇబ్బంది ఉంటే గాంధీకి వెళ్ళడానికి మొహమాటపడొద్దు. జనం ఎక్కువ, బయట కూర్చోవడానికి చోటు దొరకదు, ఒకరితో ఒకరు విసుక్కుంటారు. ఆ రాత్రి 2.16కి కావాల్సిన చేతులు మాత్రం అక్కడ ఉంటాయి.

ఏ ఇబ్బందీ లేని మామూలు కాన్పుకి, మత్తు డాక్టర్ రాత్రి కూడా లోపలే ఉండి, లోపలో పక్కనో రక్తం ఉన్న రెండో రకం నాకు సరిపోతుంది. మా ఇంటి ఆడపిల్లకైనా అదే చెప్తాను. రెండో రకంలో రక్తం దూరంగా ఉండి, మూడో రకం అరగంట దూరంలో ఉంటే ఆ అరగంట ప్రయాణం నొప్పులు మొదలవగానే చేయడం మేలు.

కాలనీ నర్సింగ్ హోమ్‌ని పూర్తిగా కొట్టిపారేయను. మొదటి కాన్పు సులువుగా అయి, రెండోది కూడా మామూలుగా సాగుతూ, డాక్టరమ్మ మేడ మీదే ఉంటూ, పెద్దాసుపత్రి పది నిమిషాల దూరంలో ఉంటే అక్కడ చేయించుకునే వేల మంది బాగానే ఇంటికి వెళ్తున్నారు. అలాంటి చోటు ఎంచుకుంటే మాత్రం నొప్పులు మొదలైనప్పుడే రక్తం గ్రూపు, సరిపోల్చే శాంపిల్ బ్లడ్ బ్యాంక్‌కి వెళ్ళి రెండు యూనిట్లు పక్కన పెట్టించాలి. ఇంటివాళ్ళలో ఇద్దరు ఆ రాత్రి బైక్ తాళాలతో ఆసుపత్రిలోనే ఉండాలి, బ్లడ్ బ్యాంక్ దారి ముందే ఒకసారి చూసి ఉండాలి. చీటీలో ఎర్రకణాలతో పాటు ప్లాస్మా, క్రయో కూడా రాయించుకుని బయల్దేరాలి.